గ్రూపు ఆరోగ్య బీమా రెన్యువల్ ప్రీమియంపై అభ్యంతరం

హైదరాబాద్,
2 మార్చి 2026

డివిజనల్ మేనేజర్ గారికి,

విషయం: మా జీడిమెట్ల యూనిట్ ఉద్యోగుల గ్రూపు ఆరోగ్య పాలసీ (1 ఏప్రిల్ 2025 – 31 మార్చి 2026), 36 శాతం పెంపుతో మీరిచ్చిన రెన్యువల్ కొటేషన్.

అయ్యా,

ఫిబ్రవరి 24న మీరు పంపిన కొటేషన్ అందింది. జీఎస్టీ కాకుండా ఈ ఏడాది మేం కట్టింది రూ.38.40 లక్షలు. వచ్చే ఏడాదికి మీరు అడుగుతున్నది రూ.52.22 లక్షలు. క్లెయిమ్ రేషియో 91 శాతానికి చేరిందని కారణం చూపారు. ఆ అంకెను మేం ఒప్పుకోలేకపోతున్నాం.

మీరు జతచేసిన క్లెయిమ్ షీటును, టీపీఏ నుంచి మాకొచ్చిన సెటిల్‌మెంట్ లేఖలను పక్కపక్కన పెట్టి వరుస వరుసా సరిచూశాం. జనవరి 31 నాటికి చెల్లించినవి రూ.21.46 లక్షలు. ఇందులో తేడా లేదు. తేడా అంతా పెండింగ్ అని చూపిన రూ.7.95 లక్షల్లోనే ఉంది. వరుస సంఖ్య 64లో ఒక గుండె బైపాస్ ఆపరేషన్‌కు ప్రీ-ఆథరైజేషన్ మొత్తం రూ.4.20 లక్షలు ఇంకా పెండింగ్‌గానే ఉంది. అదే క్లెయిమ్ డిసెంబరు 19న రూ.3.85 లక్షలకు సెటిలై, చెల్లింపుల జాబితాలోనూ ఉంది. ఆపరేషన్ ఒక్కటే, లెక్కలో మాత్రం రెండు. ఇది కాక, నవంబరులో మీరే తిరస్కరించిన రూ.65 వేల క్లెయిమ్ కూడా పెండింగ్‌లోనే కనిపిస్తోంది. ఈ రెండూ తీసేస్తే నిజంగా పెండింగ్‌లో ఉన్నది రూ.3.10 లక్షలే.

306 రోజులకు ఆర్జిత ప్రీమియం రూ.32.19 లక్షలు. మొత్తం క్లెయిమ్‌లు రూ.24.56 లక్షలు. రేషియో 76 శాతం. 2023-24లో ఇది 63, 2024-25లో 58 శాతమని మీ రికార్డులే చెబుతున్నాయి. 58 వచ్చిన ఏడాది కూడా దాదాపు 8 శాతం పెంచితే మారుమాట లేకుండా కట్టాం.

అసలు పెంచొద్దని మేం అనడం లేదు. ఆస్పత్రి ఖర్చులు పెరుగుతున్న సంగతి బిల్లులు చూసే మాకూ తెలుసు. అందుకే మీ వైపు నుంచే లెక్క వేశాం. రూ.24.56 లక్షలను పూర్తి ఏడాదికి విస్తరిస్తే రూ.29.30 లక్షలు. ఇంకా మీ దాకా రాని క్లెయిమ్‌లకు 5 శాతం, వైద్య ద్రవ్యోల్బణానికి 12 శాతం కలిపితే రూ.34.46 లక్షలు. ప్రీమియంలో 20 శాతం మీ నిర్వహణ ఖర్చులకు, బ్రోకరేజీకి, లాభానికి వదిలేసినా రూ.43.07 లక్షలకు మించదు. ఇదే సూత్రంలో మీ షీటులోని రూ.29.41 లక్షలు వేసి చూడండి, రూ.51.57 లక్షలు వస్తుంది. మీ కొటేషన్‌కు అది ఎంత దగ్గరగా ఉందో గమనించగలరు. పెంపులో ఎక్కువ భాగం ఆ రెండు వరుసల పుణ్యమే అని మా అభిప్రాయం.

మార్కెట్‌లోనూ విచారించాం. మా బ్రోకరు ద్వారా మూడు కంపెనీల కొటేషన్లు వచ్చాయి. అన్నిటికంటే తక్కువది రూ.39.80 లక్షలు. కానీ అందులో తల్లిదండ్రుల క్లెయిమ్‌లకు 10 శాతం కో-పే పెట్టారు కాబట్టి పోలికలోకి తీసుకోవడం లేదు. మిగిలిన రెండూ అవే 618 మంది సభ్యులకు, కుటుంబానికి అదే రూ.5 లక్షల కవరుకు, మొదటి రోజు నుంచే ప్రసూతి, పాత జబ్బులతో సహా: రూ.43.25 లక్షలు, రూ.44.60 లక్షలు. వాళ్ల చేతికిచ్చింది మీ 91 శాతం షీటే. సరిచేసింది కాదు.

పెంపు భారం మీ కొటేషన్‌లో కనిపించే రూ.13.82 లక్షలతో ఆగదు. గత సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలకు జీఎస్టీ లేదు గానీ, గ్రూపు పాలసీకి 18 శాతం అలాగే ఉంది. మాకు ఇన్‌పుట్ క్రెడిట్ కూడా రాదు. మొత్తం రూ.16.31 లక్షలు అదనంగా కట్టాలి. అది ఉద్యోగుల జీతాల్లోంచి కోసుకునే పరిస్థితి రాకూడదన్నదే మా యాజమాన్యం పట్టుదల.

కాబట్టి క్లెయిమ్ షీటును సరిచేసి లిఖితపూర్వకంగా పంపండి. ఇప్పుడున్న షరతులు ఒక్కటీ తగ్గించకుండా, కొత్తగా కో-పే గానీ గది అద్దె పరిమితి గానీ పెట్టకుండా, జీఎస్టీ కాక రూ.43 లక్షలకు సవరించిన కొటేషన్ మార్చి 10లోగా ఇవ్వండి. ఎక్కడైనా మా లెక్క తప్పనిపిస్తే మీ అండర్‌రైటర్‌ను మా అకౌంట్స్ విభాగంతో కూర్చోబెట్టండి, కాగితాలన్నీ ముందుంచుతాం.

మీతోనే కొనసాగాలని మాకుంది. మా కార్మికులకు దగ్గరి ఆస్పత్రుల్లో క్యాష్‌లెస్ ఇబ్బంది లేకుండా నడుస్తోంది. ఎనిమిదో నెల గర్భంతో ఉన్న ఉద్యోగిని ఒకామె ఏప్రిల్‌లో కొత్త కార్డు కోసం ఎదురుచూడాల్సి రావడం మాకిష్టం లేదు. అయితే బయటి కొటేషన్ల గడువు మార్చి 20తో ముగుస్తుంది. 10వ తేదీలోగా మీ జవాబు రాకపోతే రూ.43.25 లక్షల కొటేషన్‌కు అంగీకారం తెలపడం తప్ప మాకు దారి ఉండదు.

ఇట్లు,
మేనేజర్, మానవ వనరుల విభాగం

జతపరచినవి: వరుస 64 సెటిల్‌మెంట్ లేఖ, నవంబరు తిరస్కరణ లేఖ, రెండు కొటేషన్ల నకళ్లు (కంపెనీల పేర్లు కప్పి), మా లెక్కల పట్టిక.
ప్రతి: మా బీమా బ్రోకరుకు