రాజూ, నీ మెసేజ్‌కు జవాబు

రాజూ,

నీ మెసేజ్ వచ్చిన రోజే చూసిన. చూసి గూడ జవాబియ్యలే. మాఫ్ చెయ్యిరా. సీజన్ల అడ్తి పని ఉన్న మాట నిజమే కని, రెండు ముక్కలు రాసే తీరిక లేకుంట కాదు. పురాగ రాద్దామని జరిపిన, ఆలస్యమైనకొద్దీ ఏ మొఖం పెట్టుకొని రాయాలె అని ఇంకింత జరిపిన. కల్లంల మిర్చి కాయ తడిసింది, ఏం జెయ్యాలె అని నువ్వు అడిగినవ్. అప్పుడు చెప్తేనే అక్కరకొచ్చేది.

మిర్చి కన్నా, చివర్ల "రాత్రి నిద్ర పడ్తలేదురా" అని రాసినవ్ సూడు, అదే నన్ను గుచ్చుతాంది. అది చదివినంక ఫోన్ జెయ్యాలె. జెయ్యలే.

మొదటి ఏరుడు కాయ అమ్మినవో, ఇంట్లనే ఉన్నదో తెల్వది. ఉంటే మాత్రం బస్తాల్ల అట్లనే ఉంచకు. తడిసిన కాయ బస్తాల వేడెక్కుతది, తొడిమ కాడ బూజు పడ్తది, లోపల గింజ నల్లబడ్తది. పైకి ఎర్రగ కనబడ్డా కొనేటోళ్లు కాయ చీరి చూస్తరు. విప్పి టార్పాలిన్ మీద పల్చగ పరువు. మట్టి మీద వద్దు. మధ్యాహ్నం రెండు సార్లన్న తిరగెయ్యి, మంచు పడకముందే కుప్ప జేసి కప్పు. చెవి కాడ ఊపితే గింజ గలగలమనాలె, వంచితే మాత్రం పెళ్లున విరగొద్దు. తేమ పది, పదకొండు శాతం కాడ ఆపు. అంతకన్న ఎండితే తూకం పోతది, కాయ పలిగి గింజ రాలుతది. బస్తా కట్టేముందు నీళ్లు చల్లుమని ఎవరన్న చెప్తే ఇనకు, బూజుకు మొదలు అదే.

రంగు పోయిన తాలు కాయ ఏరి వేరే బస్తాల కట్టు. మంచి కాయల కలిస్తే మొత్తం లాట్ రేటు పడ్తది. తేజ రకం, చపాట రకం గూడ కలపకు.

ఏసీ గోదాంల పెట్టుమంటవా అని గూడ అడిగినవ్. తడిసిన కాయ వద్దు, ఏసీల పెట్టినంత మాత్రాన పాడైంది బాగుగాదు. అది ఎండినంక అమ్మేసుడే. రెండో ఏరుడు తడవకుంట ఎండితే, పైసలు తొందర లేకుంటే, అది పెట్టు. కిరాయి, హమాలీ, బండి ఖర్చు కలిపి చూసుకొనే పెట్టు. ఎనుమాముల మార్కెట్ల జెండా పాట రేటు చూసి లెక్కలెయ్యకు. ఆ రేటు మేలైన లాట్‌కే, మిగిలిన కాయకు అంతకు తక్కువే పడ్తది. నీ దాంట్ల మంచి కాయ ఎంత, తాలు ఎంత అన్నది చూసినంకనే లెక్క తేల్తది. కాంటా అయినంక తక్‌పట్టి చీటి తీసుకోకుంట కదలకు.

నాకు వెంటనే జవాబియ్యాలని ఏం లేదు. కోపముంటే ఉండనియ్యి, అది నీ హక్కు. ఈ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ జేస్త. మాట్లాడబుద్ధి గాకుంటే ఎత్తకు, రేపు మల్ల జేస్త. అప్పుల సంగతైనా, ఇంట్ల సంగతైనా ఏదున్నా చెప్పు, నేను వింట.

ఆదివారం మార్కెట్ బంద్. పొద్దుగాల పరకాల బస్సుకు వస్త. ఒక్క బస్తా విప్పి పెట్టు, ఇద్దరం కలిసి తాలు ఏరి చూద్దాం.