మెడికల్ వార్డులో పోషకాహార స్క్రీనింగ్ పూర్తి చేయించడం: అనంతపురంలో ఒక నాణ్యతా మెరుగుదల ప్రాజెక్టు

నేపథ్యం: రోగి చేరిన 24 గంటల్లోపు, పోషకాహార లోపం ముప్పు ఎంతో చెప్పే ‘మస్ట్’ స్కోరు వేయాలన్నది మా వార్డు నియమం. తొలి ఆడిట్‌లో 40 కేస్‌షీట్లకు 13 మాత్రమే పూర్తయ్యాయి. ఎక్కువగా ఖాళీ ఉన్నది బరువు గడే. ఇది నర్సుల అలసత్వం కాదు: బరువు మిషన్ ఓపీలో ఉంది, లేవలేని రోగిని అక్కడిదాకా తీసుకెళ్లేవారు లేరు.

మార్పులు: వార్డుకే మిషన్ తెచ్చాం. నిలబడలేనివారి దండచేయి చుట్టుకొలత తీయడానికి బీపీ ట్రాలీకి టేపు కట్టాం, 23.5 సెం.మీ. కన్నా తక్కువైతే బీఎంఐ 20 లోపు ఉండే అవకాశముందని చీటీ అంటించాం. డ్యూటీ మారేటప్పుడు మిగిలిన పేర్లు చదువుతున్నాం.

ఫలితం: మలి ఆడిట్‌లో 40కి 31 పూర్తి. ఆదివారం అడ్మిషన్లు ఇంకా వెనకబడే ఉన్నాయి. స్కోరు 2, ఆపైన వచ్చినవారందరినీ డైటీషియన్ చూసేలా చేయడం తదుపరి దశ.