మనవరాలి కోసం ఏడు రోజుల పద్యాలు

మా మనవరాలికి తొమ్మిదేళ్లు. పుట్టింది విజయవాడలోనే, పెరుగుతున్నది బెంగళూరులో. పోయిన వేసవి సెలవులకు వచ్చినప్పుడు అడిగింది: "అమ్మమ్మా, రోజుకో దేవుడంటావు కదా, రోజుకో పద్యం చెప్పవా?" నోటికి వచ్చిన శ్లోకాలు చెప్పాను. బుద్ధిగా వల్లించింది గానీ, "ఆ దేవుడు ఎక్కడుంటాడు?" అని ఆగింది. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మన దేవుళ్లు ఉండేది మన పక్కనే కదా. బస్సెక్కితే గంటలో వెళ్లి చూసి రాగలిగిన దేవుళ్ల మీదే రాద్దామని కూర్చున్నాను.

ఛందస్సు ఆటవెలది. వేమన పద్యాల నడక పిల్లల చెవికి ఇట్టే పడుతుంది. ఒకటో పాదం, మూడో పాదం మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదం, నాలుగో పాదం అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. ప్రాస నియమం లేదు. గణాలూ యతీ తప్పకుండా చూసుకున్నాను. సంధులు మాత్రం చాలాచోట్ల కావాలనే చేయలేదు. పిల్ల పదాన్ని పదంలాగే పలకాలి, అర్థం అక్కడికక్కడే తెలియాలి.

ఆదివారం, సూర్యుడు

మిరప కళ్లమందు మేలుకొనెడి సామి
ఎరుపు నీదె గాక ఎవరిదయ్య
మబ్బు రాకముందె మా పంటనెండించు
ఆదివారమైన ఆగబోకు

మా పుట్టిల్లు గుంటూరు పక్కన పల్లె. కాయ కోసి తెచ్చి కళ్లంలో పరిచాక ఇంటిల్లిపాదీ ఆకాశం వంకే చూసేవాళ్లం. ఒక రాత్రి ఉరుము వినగానే నాన్న చొక్కా కూడా వేసుకోకుండా పరుగెత్తి పట్టాలు కప్పడం నాకింకా కళ్లకు కడుతుంది. తడిసిన కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది, యార్డులో ధర పలకదు. పొద్దున్నే పట్టాలు తీసేసరికి ఎండ కాసింది. నాన్న తూర్పుకు తిరిగి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణమే ఈ పద్యం. ఏడింటిలో ముందు రాసింది ఇదే, ఎక్కువ దిద్దకుండా వచ్చింది కూడా ఇదే.

సోమవారం, అమరావతి అమరేశ్వరుడు

పెరిగి పెరిగి నింగి వెదకబోతివి నాడు
మేకు దెబ్బకోర్చి మిగిలినావు
మెట్లు ఎక్కి నీకు మీద పోసెడి నీట
అమరలింగ, గాయమారెనయ్య?

అమరావతి పంచారామాల్లో ఒకటి. అక్కడి తెల్లటి లింగం మనిషికి రెండింతల పైన ఉంటుంది, అందుకే అభిషేకం పై అంతస్తు నుంచి చేస్తారు. లింగం పెరుగుతూ పోతుంటే ఆపడానికి పైన మేకు కొట్టారని స్థలపురాణం. చిన్నప్పుడు ఆ కథ విన్న రోజు నాకు అన్నం సయించలేదు. దేవుడికి నొప్పి పుట్టదా అని అమ్మను అడిగాను. "పుడుతుంది, అందుకే కదా నీళ్లు పోస్తున్నారు" అంది అమ్మ. ఆమె మాటే ఇన్నేళ్లకు పద్యంలోకి వచ్చింది. ఆఖరి పాదంలో గాయము, ఆరెను అని విడదీసి చదవాలి. ఆరింది అంటే మానింది అని. దేవుణ్ణి ఏదీ అడగకుండా, ఆయన బాగోగులు అడిగే పద్యం ఒక్కటైనా పిల్లకు నేర్పాలనిపించింది.

మంగళవారం, ఆంజనేయుడు

తోక నిప్పుతోటి దూకిన హనుమయ్య
ఆకులన్ని నీకె అమ్మ గుచ్చె
నిద్దురందు కూడ నీ పేరు తలచిన
భయము గడప దాటి పారిపోదె

విజయవాడ మాచవరం గుడిలో తమలపాకుల దండలు చూసి రాశాను. మనవరాలికి చీకటంటే భయం. ఇది పడుకునే ముందు కూడా చదువుకోవచ్చు.

బుధవారం, వినాయకుడు

కాల్వగట్టు పక్క కాపురమున్నట్టి
బొజ్జ గణప, నీకు బుజ్జి మొక్కు
గరికపోచ ఒకటి కాళ్లపై పెట్టితి
చిన్న పనికి కూడ చెయ్యి వెయ్యి

బెజవాడ కెనాల్ రోడ్డులో వినాయకుడి గుడి తెలియనివాళ్లు ఉండరు. దసరాల్లో అమ్మవారి దర్శనానికి క్యూ అక్కడి నుంచే మొదలవుతుంది. చివరి పాదం మొదట "చెయ్యి ఇవ్వు" అని రాశాను. గణాలు సరిపోయాయి, యతి కుదిరింది. రెండు రోజుల తర్వాత పైకి చదువుతుంటే గుండె గతుక్కుమంది. మన వైపు చెయ్యివ్వడమంటే నమ్మించి ముంచడం! దేవుణ్ణి అలా అడగకూడదు. బరువెత్తేటప్పుడు "ఒక చెయ్యి వెయ్యండి" అంటాం కదా, అదే పెట్టాను. పద్యం రాశాక పైకి చదవకపోతే ఇలాంటివి దొరకవు.

గురువారం, సాయిబాబా

ఊది చిటికెడంత ఉంచితి నుదుటను
సాయి, నీదు గడప చాలు నాకు
కోరుకొన్నదెల్ల కూడిరాకున్నను
ఓర్చుకొనెడి మనసు ఒక్కటిమ్ము

గురువారానికి దక్షిణామూర్తి మీద రాయమని మా ఆయన అన్నారు. ఆ మాటా సబబే. కానీ మా అమ్మాయి నెలలు నిండి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను వెళ్లి కూర్చున్నది ముత్యాలంపాడు సాయి మందిరంలో. ఆ పూట టెన్షన్‌తో ఒక్క మంత్రమూ గుర్తు రాలేదు. పక్కనున్న ముసలావిడ ఎవరో నా నుదుటన ఊది పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది. సాయి అడిగింది శ్రద్ధ, సబూరి. సబూరికి తెలుగులో ఓర్పు కంటే దగ్గరి మాట నాకు దొరకలేదు.

శుక్రవారం, కనకదుర్గమ్మ

కొండ మీద తల్లి, కుంకుమ బొట్టమ్మ
కృష్ణ పారు చోట గెలుపు నీదె
అలసి వచ్చినట్టి ఆడపిల్లల చేయి
పట్టి మెట్లమీద పైకి నడుపు

అమ్మవారి మీద రాయడమే అన్నిటికన్నా కష్టమైంది. సింహం, త్రిశూలం, మహిషుడు అన్నీ పెట్టి మూడుసార్లు రాశాను, మూడూ కొట్టేశాను. ఆ తర్వాత ఒక శుక్రవారం ఇంద్రకీలాద్రి మెట్లెక్కుతుంటే నా ముందు ఒక అమ్మాయి కనపడింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో ఐడీ కార్డు ఇంకా తీయలేదు. మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతోంది. నడుం పట్టేసినట్టుంది, ఒకచోట ఆగి గోడకు చెయ్యి ఆనించింది. మళ్లీ వంగింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే మూడో పాదం అనేశాను.

శనివారం, మంగళగిరి పానకాలస్వామి

బిందె పానకమును పిలిచి పోసితిమయ్య
గుటక వేసి సగము కుడిచినావు
మిగిలినట్టి సగము మెట్లెక్కు వాళ్లకు
పంచిపెట్టుమన్న పలుకు విందు

శనివారం వేంకటేశ్వరుడిదే అంటారు. నరసింహుడూ ఆయనా ఒక్కరే కదా, మనకు దగ్గరగా ఉన్న రూపానికే ఈ పద్యం. కొండమీది గుడిలో స్వామి నోట్లో శంఖంతో పానకం పోస్తారు. గుటకలు వేస్తున్న చప్పుడు వినపడుతుంది. సగం అయ్యాక ఆగుతుంది, మిగిలింది మనకు ప్రసాదం. బెల్లం, మిరియాలు, యాలకులు కలిసిన ఆ నీళ్లు ఎండలో ఎక్కి వచ్చినవాడి గొంతులో పడితే తెలుస్తుంది వాటి విలువ.

రాశాక చూస్తే మూడు పద్యాల్లో మెట్లు వచ్చాయి. మార్చబుద్ధి కాలేదు. మన వైపు దేవుళ్ల దగ్గరికి వెళ్లాలంటే ఎక్కాల్సిందే.

ఏడు పద్యాలూ లావు అక్షరాలతో ఒక అట్ట మీద రాసి పోస్టులో పంపాను. మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్. అటునుంచి ఏ పలకరింపూ లేకుండా "మిరప కళ్లమందు" అని మొదలుపెట్టింది. నాలుగో పాదం దగ్గర "ఆగబోకూ" అని దీర్ఘం తీసి, "అమ్మమ్మా, ఇక్కడ మబ్బుగా ఉంది, మళ్లీ చదవనా?" అంది.

చదవమన్నాను.