ఓలే గౌరీ, సంక్రాంతికి రాలేను

14 డిసెంబర్

గౌరీ,

ముందు చెడ్డ మాట చెప్పీస్తాను, లేకపోతే ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతాను. సంక్రాంతికి నాకు లీవ్ లేదు. మా ప్లేస్ లోకి రావాల్సిన బ్యాచ్ కింద బేస్ లోనే ఆగిపోయింది, పది రోజులుగా వాతావరణం బాలేదు, వాళ్ళు పైకొస్తే గానీ మేం దిగడానికి లేదు. సాబ్ శివరాత్రి అయ్యాక అంటున్నారు. భోగి నాటికి మీ ఇంట్లో కూర్చొని మీ నాన్నతో మాట్లాడతానని నేనే అన్నాను కద, ఆ మాట తప్పుతున్నాను, నీకు కోపం వస్తే రానీ.

ఫోన్లో చెప్పొచ్చు కద అంటావు. ఇక్కడ శాటిలైట్ ఫోన్ ముందు పది మంది లైన్ లో ఉంటారు, నా వంతుకి ఐదు నిమిషాలు, అందులో మూడు అమ్మకే అయిపోతాయి, "తిన్నావా నాయనా" అని నాలుగుసార్లు అడుగుతుంది. మిగిలిన రెండు నిమిషాల్లో వెనకాల ఇంత మంది వింటుంటే నీతో ఏటి మాట్లాడను. అందుకే ఈ కాగితం. పెన్ను ఇంకు గడ్డకట్టీస్తే చంకలో పెట్టుకొని వెచ్చబెట్టి రాస్తున్నాను, అక్షరాలు కుంటితే నవ్వకు. హెలికాప్టర్ వస్తే ఇది కిందకెళ్తుంది, ఎప్పుడొస్తుందో దానికే తెలీదు.

నువ్వు పంపిన డబ్బా అందింది. మీ అమ్మ ఒలిచిన జీడిపిక్కలేనా అవి? బుఖారీ మీద రేకు పెట్టి కొంచెం వేపితే గుడారం అంతా మన పలాస వాసన వచ్చీసింది, కేరళ అబ్బాయి ఒకడు మా జీడిపప్పే గొప్పని వాదన పెట్టుకొని వాదిస్తూనే సగం తినీసాడు. అరిసెలు మాత్రం రాళ్ళైపోయాయి, చాయ్ లో నానబెట్టుకొని తిన్నాం. ఇక్కడ గుడ్డు పగలగొట్టాలంటే సుత్తి కావాలి, టూత్ పేస్ట్ ట్యూబ్ లోంచి బయటికి రాదు, మంచు కరగబెడితేనే తాగే నీళ్ళు, నీళ్ళు తొందరగా మరిగిపోతాయి గానీ కుక్కర్ లేకపోతే అన్నం ఉడకదు. స్నానం సంగతి అడగొద్దు. చోటు పేరు రాయకూడదు, నువ్వు కవరు మీద ఎప్పట్లాగే 56 ఏపీవో అని రాయి చాలు.

కిందటి ఉత్తరంలో "భయం వేస్తుందా బావా" అని అడిగావు, నేను లేదని రాసాను. అబద్ధం. వచ్చిన కొత్తలో లేహ్ లో ఆరు రోజులు పనేం చెప్పకుండా కూర్చోబెట్టారు, గాలికి ఒళ్ళు అలవాటు పడాలని, అప్పుడు నవ్వుకున్నాను, గోల్కొండ ట్రైనింగ్ లో పరిగెత్తీవాణ్ణి నాకేటి అని. పైకొచ్చాక బూటు లేసు కట్టుకుంటే ఆయాసం. నిద్రలో ఊపిరందక ఉలిక్కిపడి లేస్తాను. నడిస్తే అందరం ఒకే తాడుకి కట్టుకొని నడవాలి, మంచు కింద ఎక్కడ బీట ఉందో పైకి కనపడదు. మొన్న నా ముందున్నవాడి కాలు నడుం దాకా దిగిపోయింది, తాడు బిగిసింది, లాగీసాం, వాడికేం కాలేదు, సాయంత్రానికి వాడే జోకులేస్తున్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి చేతులు వణకడం ఆగలేదు, చలికని చెప్పాను అందరికీ. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, అమ్మ దగ్గర నోరు జారకు.

రాత్రి సంత్రీ డ్యూటీలో మైనస్ ముప్పై దాటుతుంది. నిద్ర రాకుండా నేనేం చేస్తానో చెప్తే నవ్వుతావు. విశాఖ నుంచి పాసింజర్ ఎక్కినట్టు అనుకొని స్టేషన్లు చెప్పుకుంటాను. విజయనగరం, నెల్లిమర్ల, చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస, తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పూండి. పూండి వచ్చేసరికి మళ్ళీ మొదటికెళ్తాను, పలాస అనను, దిగీసినట్టైపోతుంది కద, అప్పుడు ఇంకా డ్యూటీ మిగిలే ఉంటుంది.

ఇక అసలు సంగతి.

మామయ్యకి క్రియాటినిన్ మళ్ళీ పెరిగిందని రాసావు. పలాస కిడ్నీ ఆసుపత్రికి నెలకోసారి తీసుకెళ్తున్నావు కద, మానకు, స్కూల్ కి సెలవు పెట్టయినా తీసుకెళ్ళు. నొప్పి మాత్రలు దుకాణంలో కొనుక్కొని మింగుతాడు, అది చూడు, డాక్టర్ని అడక్కుండా ఒక్క బిళ్ళ వద్దను. మన ఉద్దానంలో ఈ జబ్బు ఎంత మందిని తీసుకెళ్ళిందో నీకు నేను చెప్పాలా, మా పెదనాన్న పోయింది దీనికే. అందుకే ఆయన తొందరపడడం నాకు తప్పనిపించడం లేదు. ఆడపిల్ల పెళ్ళి చూసుకోవాలని ఏ తండ్రికి ఉండదు. పైడిభీమవరం కంపెనీ అబ్బాయి సంబంధం మంచిదే అని నువ్వే రాసావు, రోజూ సాయంత్రం ఇంటికొచ్చే మొగుడు. నాకు ఏడుపొచ్చింది గానీ ఆయన మాట తప్పని అనలేను.

కాబట్టి నా లీవ్ కోసం ఆయన్ని ఆపొద్దు. సంక్రాంతి వెళ్ళిన వారానికి అమ్మ, చిన్నాన్న మీ ఇంటికొస్తారు. నేను లేకుండానే మాట్లాడతారు. అమ్మకి వేరే ఉత్తరం రాసాను. పెళ్ళికొడుకు లేకుండా మాటలేటి అని మీ అత్త మూతి తిప్పుతుంది, తిప్పనీ. కట్నం మాట మా వాళ్ళ నోట వస్తే నువ్వు అక్కడే లేచి వెళ్ళిపో, నేనే అమ్మకి చెప్పాను అలగని.

ఆయన ఏం అడుగుతాడో నాకు తెలుసు. మిలట్రీ వాడు ఎప్పుడు వస్తాడు, అసలు వస్తాడా అని. ఇవి చెప్పమను అమ్మతో. 2018 లో చేరాను, పదిహేనేళ్ళకి పింఛను, అంటే 2033 దాకా ఇలాగే వస్తూ పోతూ ఉంటాను. పీస్ పోస్టింగ్ వస్తే క్వార్టర్ దొరుకుతుంది, దొరికితే నిన్ను తీసుకెళ్తాను, దొరక్కపోతే నువ్వు ఊళ్ళోనే. జీతం ఎంతో అమ్మకి తెలుసు, దాచొద్దన్నాను. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరా ఉండదు. తియ్యగా చెప్పి ఒప్పించొద్దని చిన్నాన్నకి మరీ మరీ రాసాను.

ఆయన కాదంటే నువ్వు నా కోసం ఇంట్లో గొడవ పడకు అని రాద్దామనుకున్నాను. మూడుసార్లు రాసి కొట్టీసాను. పడు. కొంచెం పడు.

తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను ట్రైనింగ్ లో ఉన్నాను కద, రెండు రోజులు ఊరికి ఫోన్ కలవలేదు, కరెంటు లేదు టవర్ లేదు. మూడో రోజు నువ్వు ఎక్కడిదాకో నడిచొచ్చి సిగ్నల్ దొరికితే మొదటి ఫోన్ నాకే చేసావు, "బావా మా కొబ్బరితోట మొత్తం పడిపోనాది, మేం బాగున్నాం" అని. మీ మేనమామకి కూడా చెయ్యలేదు ఇంకా. అప్పటిదాకా నువ్వు నాకు మరదలు వరసైన గుంటవి అంతే. ఫోన్ పెట్టీసాక బారక్ వెనకాలికెళ్ళి కూర్చున్నాను, ఉస్తాద్ చూసి ఎవరైనా పోయారా అని అడిగాడు.

ఆ తోటలో మామయ్య 2019లో మళ్ళీ పెట్టిన మొక్కలు ఈ ఏడు గెల వేసాయన్నావు. మొదటి కాయలు అమ్మీసారా, ఉంచారా?

శివరాత్రి తర్వాత దిగుతాను. తేదీ తెలిస్తే ఆ ఐదు నిమిషాల్లో ముందు నీకే చేస్తాను, అమ్మకి తర్వాత. పలాస స్టేషన్ కి రాకు, మన ఊరోళ్ళు సగం మంది అక్కడే ఉంటారు. పాసింజర్ పూండిలో ఆగుతుంది, నువ్వు అక్కడ ఎక్కీ. ఆఖరి పెట్టెలో ఉంటాను. పూండి నుంచి పలాస ఒక్క స్టేషనే, అంతసేపైనా పక్కన కూర్చో.

నీ బావ,
అప్పన్న