హైదరాబాద్ చరిత్ర సర్టిఫికెట్ కోర్సు: యూనిట్లుగా సర్దిన సిలబస్

మేడమ్, నమస్కారం.

సార్ నిన్న రాత్రి వాట్సాప్‌లో పెట్టిన సిలబస్ సర్దేశాను. పీడీఎఫ్‌లో అది చక్కటి పట్టికేనట. కాపీ చేసి పేస్ట్ చేసేసరికి గళ్ళన్నీ కరిగిపోయి గంటల అంకెలు వెళ్ళి సంవత్సరాలకు అతుక్కున్నాయి. మనకు వచ్చింది ఇలా ఉంది:

> హైదరాబాద్ చరిత్ర-కట్టడాలు సర్టిఫికెట్ కోర్సు మొత్తం 30గోల్కొండ కాకతీయుల మట్టికోట బహమనీలు కుతుబ్‌షాహీలు3ఫతే దర్వాజా చప్పట్లు కోటలో నీటి ఏర్పాట్లు2కుతుబ్‌షాహీ సమాధులు1పురానాపూల్ 15781చార్మినార్ నాలుగు దారుల ప్లాను 15913మక్కా మసీదు1ఔరంగజేబు ముట్టడి 16871ఆసఫ్‌జాహీలు 17242చౌమహల్లా కోఠీ రెసిడెన్సీ2మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలు మహబూబ్ అలీఖాన్ 1908 వరద2చెరువులు హుస్సేన్‌సాగర్1మూసీ వరద 1908 సెప్టెంబర్ 282విశ్వేశ్వరయ్య హిమాయత్‌సాగర్ 1920 ఉస్మాన్‌సాగర్ 19272సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు 19122ఉస్మానియా యూనివర్సిటీ 19181పోలీసు చర్య 19481రాజధాని 19561గైడ్‌లా చెప్పే ప్రాక్టీస్

"చార్మినార్ 15913" చూసి ఒక్క నిమిషం నవ్వుకున్నాను. 1591 కట్టిన ఏడాది, 3 మన గంటలు. మిగతావన్నీ అలాగే విడిపోయాయి. "సెప్టెంబర్ 282" దగ్గర మాత్రం కాస్త ఆగాను. మూసీ వరద వచ్చింది 28న కాబట్టి చివర ఉన్న 2 గంటలే.

సర్దిన తర్వాత:

| సంఖ్య | అంశం | గంటలు |
|---|---|---|
| యూనిట్ 1 | గోల్కొండ | 6 |
| 1.1 | కాకతీయుల నాటి మట్టికోట; బహమనీల చేతికి రావడం; కుతుబ్‌షాహీల రాజధానిగా రాతికోట | 3 |
| 1.2 | ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు పైన బాలా హిస్సార్‌లో వినబడటం. కొండ మీదికి నీళ్ళు ఎక్కించిన పద్ధతి (కోటలోనే క్లాసు) | 2 |
| 1.3 | కుతుబ్‌షాహీ సమాధులు | 1 |
| యూనిట్ 2 | మూసీ దాటిన నగరం | 6 |
| 2.1 | పురానాపూల్, 1578: కోట నుంచి నది అవతలికి దారి | 1 |
| 2.2 | చార్మినార్, 1591: మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరం, నాలుగు దిక్కుల దారులు | 3 |
| 2.3 | ఔరంగజేబు ముట్టడి, 1687లో గోల్కొండ పతనం | 1 |
| 2.4 | మక్కా మసీదు: కుతుబ్‌షాహీల కాలంలో మొదలై ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తి | 1 |
| యూనిట్ 3 | ఆసఫ్‌జాహీలు | 6 |
| 3.1 | 1724 నుంచి నిజాముల పాలన | 2 |
| 3.2 | చౌమహల్లా ప్యాలెస్. కోఠీ రెసిడెన్సీ | 2 |
| 3.3 | మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గిరీ (1853-1883), సంస్కరణలు | 2 |
| యూనిట్ 4 | నీళ్ళు, వరద, నగర నిర్మాణం | 7 |
| 4.1 | హుస్సేన్‌సాగర్, ఇబ్రహీం కుతుబ్‌షా కాలం | 1 |
| 4.2 | మూసీ వరద, 1908 సెప్టెంబర్ 28, మహబూబ్ అలీఖాన్ కాలం. జనం ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు | 2 |
| 4.3 | విశ్వేశ్వరయ్య సలహా. ఉస్మాన్‌సాగర్ (గండిపేట), 1920. హిమాయత్‌సాగర్, 1927 | 2 |
| 4.4 | సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, 1912. మూసీ ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ భవనాలు | 2 |
| యూనిట్ 5 | 20వ శతాబ్దం, ప్రాక్టీస్ | 5 |
| 5.1 | ఉస్మానియా యూనివర్సిటీ, 1918: ఉర్దూలో ఉన్నత విద్య | 1 |
| 5.2 | పోలీసు చర్య, సెప్టెంబర్ 1948 | 1 |
| 5.3 | ఆంధ్రప్రదేశ్ రాజధానిగా హైదరాబాద్, 1956 నవంబర్ 1 | 1 |
| 5.4 | గైడ్‌లా చెప్పే ప్రాక్టీస్ | 2 |
| | మొత్తం | 30 |

ఇప్పుడు నేను చెయ్యి పెట్టిన చోట్లు. సార్‌కి చూపించే ముందు మీరొకసారి చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

యూనిట్ల విభజన పూర్తిగా నాది. సార్ పంపిన దాంట్లో యూనిట్ అనే మాటే లేదు, పేర్లు కూడా నేనే పెట్టాను. మొదట రాజవంశాల వారీగా మూడే చేశాను కానీ ఆసఫ్‌జాహీల యూనిట్ ఒక్కటే 14 గంటలకు పోయింది. ఇంటర్నల్ పరీక్షకు మొదటి రెండు యూనిట్లు అంటే పిల్లలు 12 గంటలు చదవాలి, అది సరిపోతుంది. అందుకే నీళ్ళ సంగతి విడదీసి నాలుగో యూనిట్ చేశాను. హుస్సేన్‌సాగర్ కాలాన్ని బట్టి రెండో యూనిట్‌లోకి రావాలి, చార్మినార్ కంటే ముందుది. అయినా సార్ "చెరువులు" అని రాసి దాని కిందే పెట్టారు కాబట్టి కదపలేదు.

మక్కా మసీదును మాత్రం కదిపాను. ముట్టడికి ముందు ఉంటే అది కుతుబ్‌షాహీల కట్టడం అనే పిల్లలు రాస్తారు. పూర్తయ్యింది గోల్కొండ పోయిన ఏడేళ్ళకు.

1908 వరద రెండుసార్లు వచ్చింది, సాలార్‌జంగ్ పక్కన ఒకసారి, చెరువుల దగ్గర ఒకసారి. మొదటిది తీసేశాను. సాలార్‌జంగ్ 1883లోనే పోయారు, ఆయనకీ వరదకీ సంబంధం లేదు. అక్కడున్న 2 గంటలు సంస్కరణలకే ఉంచాను. మహబూబ్ అలీఖాన్ పేరు పోకుండా 4.2లోకి తెచ్చాను. చింతచెట్టు నా చేర్పు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చెట్టు అది, దాని మీదికెక్కి దాదాపు 150 మంది బతికారంటారు. చెట్టు కింద నిలబెట్టి చెబితే పిల్లలు ఆ తేదీ మర్చిపోరు.

జంట జలాశయాల సంవత్సరాలు తారుమారయ్యాయి. ఉస్మాన్‌సాగర్ ముందు, 1920. హిమాయత్‌సాగర్ తర్వాత, 1927. ఇది పేస్ట్‌లో జరిగిన తప్పు కాదు, అసలు ఫైల్‌లోనే ఉండి ఉంటుంది. సార్‌తో మీరే అంటే బాగుంటుంది మేడమ్, నేనంటే పెద్దాయన నొచ్చుకుంటారేమో.

చౌమహల్లాకీ రెసిడెన్సీకీ కలిపి 2 గంటలని ఉంది. ఒక్కోదానికి ఒకటని నేను విడగొట్టలేదు. చౌమహల్లాకే గంటన్నర పడుతుంది, ఆ పంపకం పాఠం చెప్పేవాళ్ళ చేతిలో ఉండనివ్వండి. ప్రాక్టీస్‌కి అసలు గంటలే లేవు. మిగతావన్నీ కూడితే 28 వచ్చింది, పైన 30 అని ఉంది, మిగిలిన రెండూ దానికే వేశాను.

టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ఒక్క సంగతి: 3.2ని శుక్రవారం పెట్టకండి. చౌమహల్లాకి ఆ రోజే సెలవు. దారిలోనే కదా అని 3.3కి సాలార్‌జంగ్ మ్యూజియం చూపిద్దామన్నా అదీ శుక్రవారమే మూసేస్తారు. పోయినసారి 22 మందిని వెంటేసుకుని వెళ్ళి గేటు బయట సెల్ఫీలు దిగి వచ్చాం, మీకు గుర్తుండే ఉంటుంది.

రెసిడెన్సీ మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది కాబట్టి లోపలికి వెళ్ళడానికి కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం కావాలి. డ్రాఫ్ట్ టైప్ చేసి మీ టేబుల్ మీద నీలం ఫైల్‌లో పెట్టాను. సోమవారం సంతకం చేసి ఉంచితే కోఠీ నా దారిలోనే, సాయంత్రం నేనే ఇచ్చేసి వెళ్తాను.

ఉంటాను మేడమ్.
గెస్ట్ ఫ్యాకల్టీ, చరిత్ర విభాగం