మార్చి 1 జనరల్ బాడీ మీటింగ్ మినిట్స్ (కింద సెక్రటరీ గారి ఒరిజినల్ నోట్స్ కూడా ఉన్నాయి)

అందరికీ నమస్కారం అండి. ఆదివారం మీటింగ్‌లో సెక్రటరీ గారు (401) ఫోన్‌లో కొట్టుకున్న నోట్స్ నాకు పంపి, మినిట్స్ బుక్‌లో ఎక్కించేలా రాసిపెట్టమన్నారు. ముందు ఆ నోట్స్ ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నా, ఎందుకంటే రేపు ఎవరైనా "నేను అలా అనలేదు" అంటే పక్కన పెట్టి చూసుకోవచ్చు. దాని తర్వాత మినిట్స్. నోట్స్‌లో "ఓకే" అని మూడు చోట్ల ఉంది గానీ ఎవరు చేస్తారో ఎప్పటికి చేస్తారో లేని వాటిని నేను నిర్ణయం కింద రాయలేదు, అవి చర్చ అనే రాశా. పేరు తేలని చోట సోమవారం వాళ్ళకి ఫోన్ చేసి అడిగి, సరే అన్నాకే రాశా.

నోట్స్:

10.40కి స్టార్ట్ (10 అన్నాం). 17 వచ్చారు 3 టెనెంట్స్
నీళ్ళు – బోరు 1 అయిపోయింది దాదాపు. ట్యాంకర్లు ఫిబ్రవరి 19!! జనవరి 6. ఒక్కోటి 1200
కొత్త బోరు వేద్దాం 502, వద్దు 202, పర్మిషన్ ఎవరు తెస్తారు
402 – మోటర్ కిందకి దించితే?? ఇంకో 100 అడుగులు. మెకానిక్ తెలుసంట
టైమింగ్స్ అందరూ ఓకే. ఇంకుడు గుంత క్లీన్ ఓకే
లిఫ్ట్ – ఏఎంసీ 31కి అయిపోతుంది. పాతోళ్ళు 48 వేలు జీఎస్టీ కలిపా కాదా?? కొత్తోళ్ళు 36 కానీ పార్ట్స్ ఎక్స్‌ట్రా
మధ్యలో కుక్క గొడవ 204 × 501, 20 నిమిషాలు
మెయింటెనెన్స్ 2500? గోల. 2300 – 9 / 4 / 1. లేట్ అయితే 100 ఫైన్ అన్నారు ఎవరో
బాకీలు – రెండు ఫ్లాట్లు
వాచ్‌మన్ 13500 ఓకే. రూమ్ లీకేజ్
206 చార్జింగ్ పాయింట్. వైరు ఎవరిది?
ఉగాది!! 303 ఆంటీ వేపపువ్వు
టీ అయిపోయింది 12.50

ఇక మినిట్స్.

అపార్ట్‌మెంట్ ఓనర్స్ అసోసియేషన్, నిజాంపేట, హైదరాబాద్. జనరల్ బాడీ మీటింగ్, 2026 మార్చి 1 ఆదివారం, స్టిల్ట్ పార్కింగ్‌లో. మొదలైంది ఉదయం 10.40కి, ముగిసింది 12.50కి. మొత్తం 30 ఫ్లాట్లలో 17 ఫ్లాట్ల నుంచి వచ్చారు, అందులో ముగ్గురు అద్దెకున్నవాళ్ళు, వాళ్ళు మాట్లాడారు గానీ ఓటు లేదు. ఓటున్న ఓనర్లు 14 మంది. మన బైలాస్ ప్రకారం కోరం 10, కాబట్టి మీటింగ్ చెల్లుతుంది. అధ్యక్షత ప్రెసిడెంట్ గారు (503).

నీళ్ళు. ఒకటో బోరులో నీళ్ళు బాగా తగ్గాయి, రోజుకి గంట కూడా సరిగ్గా రావట్లేదు. జనవరిలో 6 ట్యాంకర్లు, ఫిబ్రవరిలో 19 తెప్పించాం, ఒక్కో పదివేల లీటర్ల ట్యాంకర్ 1,200 లెక్కన ఫిబ్రవరి ఖర్చే 22,800. మార్చి, ఏప్రిల్, మే ఇంకా ముందే ఉన్నాయి. కొత్త బోరు వేద్దామని 502 వాళ్ళు ప్రపోజ్ చేశారు. వాల్టా చట్టం (2002) ప్రకారం కొత్త బోరుకి పర్మిషన్ తీసుకోవాలి, పైగా చుట్టూ అన్ని అపార్ట్‌మెంట్లూ వేసేస్తే మనకి నీళ్ళు పడతాయన్న గ్యారంటీ ఏంటని 202 గారు అడిగారు. పర్మిషన్ సంగతి చూస్తామని ఎవరూ ముందుకి రాలేదు కాబట్టి కొత్త బోరు ప్రస్తుతానికి లేదు, ఇది నిర్ణయమే, వాయిదా కాదు. మళ్ళీ కావాలంటే రాతపూర్వకంగా ఇచ్చి తర్వాతి మీటింగ్ ఎజెండాలో పెట్టించుకోవాలి.

ఆమోదించింది ఏంటంటే ఒకటో బోరు మోటర్‌ని ఇంకో 100 అడుగులు దించడం, అంటే 20 అడుగుల పైపులు 5, దానికి సరిపడా కేబుల్, ముందు బోరు ఫ్లషింగ్. ఖర్చు అంతా కలిపి 25,000 దాటకూడదు, దాటేట్టు ఉంటే పని ఆపి ప్రెసిడెంట్ గారిని అడగాలి. బాధ్యత 402 గారిది. రెండు కొటేషన్లు మార్చి 8 ఆదివారానికి, పని పూర్తి మార్చి 15 ఆదివారానికి. డబ్బు ఇచ్చేది ట్రెజరర్ (203), బిల్లు లేకుండా ఇవ్వరు.

నీళ్ళు వదిలే టైమింగ్స్ మార్చి 5 గురువారం నుంచి ఉదయం 6 నుంచి 8.30, సాయంత్రం 6 నుంచి 8. వాల్వ్ తిప్పేది వాచ్‌మన్, అది సరిగ్గా జరుగుతోందా లేదా చూసేది 101 గారు. (నోట్స్‌లో "అందరూ ఓకే" అనే ఉంది, గంటలు లేవు. సెక్రటరీ గారినీ 101 గారినీ విడివిడిగా అడిగితే ఇద్దరూ ఇవే చెప్పారు.) ఇంకుడు గుంత క్లీనింగ్, పైన ఇసుక, కంకర మార్చడం వానలు మొదలయ్యేలోపే అవ్వాలి, 302 గారు ఒప్పుకున్నారు, గడువు మే 31.

లిఫ్ట్. ఇప్పుడున్న ఏఎంసీ మార్చి 31తో అయిపోతుంది. పాత కంపెనీ 48,000 చెప్పింది, పార్ట్స్‌తో సహా. కొత్తది 36,000, కానీ అది లేబర్ మాత్రమే, పార్ట్ పోయిన ప్రతిసారీ విడిగా కట్టాలి. పోయినేడు రోప్ మార్చిన ఖర్చు ట్రెజరర్ గారు చదివి వినిపించాక చవకది కావాలని ఎవరూ అనలేదు. నిర్ణయం పాత కంపెనీతోనే ఏడాది కాంట్రాక్ట్. అయితే 48,000 జీఎస్టీతో కలిపా కాదా అనేది మీటింగ్‌లో తేలలేదు. విడిగా అయితే 18 శాతం చొప్పున 8,640 కలిసి 56,640 అవుతుంది. కాబట్టి 57,000 లోపు అయితే ట్రెజరర్ సంతకం పెట్టొచ్చు అని ప్రెసిడెంట్ గారితో మాట్లాడి రాస్తున్నా. ఇంకో షరతు, కరెంట్ పోతే లిఫ్ట్‌ని దగ్గరి ఫ్లోర్‌కి తెచ్చి తలుపు తెరిచే ఏఆర్‌డీ ఉంది కదా, దాని బ్యాటరీలు కాంట్రాక్ట్‌లో ఉన్నట్టు కాగితం మీద రాయించాలి, నోటిమాట చాలదు. బాధ్యత ట్రెజరర్, గడువు మార్చి 20 శుక్రవారం, అంటే పాతది అయిపోకముందే.

లిఫ్ట్‌లో పెంపుడు కుక్కల గురించి చర్చ జరిగింది. నిర్ణయం ఏమీ లేదు. లిఫ్ట్‌లో బ్యాన్ పెట్టమని అడిగారు గానీ జంతు సంక్షేమ బోర్డు 2015 గైడ్‌లైన్స్‌లో అసోసియేషన్లు అలాంటి నిషేధాలు పెట్టకూడదని ఉందని 304 గారు చెప్పారు, అంతటితో ఆగింది. ఎవరు ఎవర్ని ఏమన్నారు అనేది మినిట్స్‌లో రాయను, దయచేసి అడగొద్దు.

మెయింటెనెన్స్. ఇప్పుడు నెలకి 2,000. కమిటీ 2,500 అడిగింది, వ్యతిరేకత రావడంతో వెనక్కి తీసుకుని 2,300 పెట్టింది. ఓటింగ్‌లో అనుకూలం 9, వ్యతిరేకం 4, తటస్థం 1. ఆమోదం. ఏప్రిల్ నెల నుంచి అమలు, ఎప్పట్లాగే ప్రతి నెలా 10వ తేదీ లోపు కట్టాలి. 30 ఫ్లాట్లకి నెలకి 9,000 ఎక్కువ వస్తుంది. దీనికి జీఎస్టీ పడుతుందా అని 105 గారు అడిగారు, ఒక్కో సభ్యుడి నుంచి నెలకి 7,500 లోపే కాబట్టి, ఏడాది మొత్తం 8,28,000 అంటే 20 లక్షల పరిమితికి చాలా దూరంలో ఉన్నాం కాబట్టి పడదని ట్రెజరర్ సమాధానం. సర్క్యులర్ మార్చి 18 బుధవారం లోపు సెక్రటరీ గారు అన్ని ఫ్లాట్లకీ ఇస్తారు, అద్దెకిచ్చినవాళ్ళు తమ టెనెంట్స్‌కి తామే చెప్పుకోవాలి.

లేటయితే 100 ఫైన్ అనే మాట ఎవరో అన్నారు, ఓటింగ్‌కి రాలేదు, కాబట్టి ఫైన్ లేదు. గ్రూప్‌లో అప్పుడే ఇద్దరు ఫైన్ వచ్చేసినట్టు మాట్లాడుతున్నారు కాబట్టి విడిగా రాస్తున్నా.

బాకీలు రెండు ఫ్లాట్ల నుంచి ఉన్నాయి. నంబర్లు ఇక్కడ రాయట్లేదు, ఈ కాగితం నోటీస్ బోర్డు మీద కూడా ఉంటుంది. ప్రెసిడెంట్, ట్రెజరర్ ఇద్దరూ వెళ్ళి మాట్లాడి మార్చి 31 లోపు కమిటీకి చెప్తారు.

వాచ్‌మన్ జీతం 12,000 నుంచి 13,500, ఏప్రిల్ జీతం నుంచి, ఏకగ్రీవం. పెంచిన మెయింటెనెన్స్‌లోంచే పోతుంది. అతని గది పైకప్పు కారుతోంది, పిల్లలున్న ఇల్లు, వానల దాకా ఆగే పని కాదు. వాటర్‌ప్రూఫింగ్ చేసేవాళ్ళని పిలిపించి చూపించడం 201 గారి బాధ్యత, మార్చి 15 లోపు. ఎంతవుతుందో తెలీదు కాబట్టి ఖర్చు ఆమోదం ఇంకా లేదు, 8,000 వరకు కమిటీయే ఓకే చేసుకోవచ్చు అన్నారు.

ఎలక్ట్రిక్ కార్ చార్జింగ్. 206 గారు తమ పార్కింగ్ స్లాట్‌లో సొంత మీటర్ నుంచి వైరు లాగి చార్జర్ పెట్టుకుంటామన్నారు. వైరు కామన్ ఏరియాలోంచి పోతుంది, ఏదైనా అయితే ఎవరిది బాధ్యత అని ప్రశ్న వచ్చింది. వద్దని ఎవరూ అనలేదు, సరే అని కూడా అనలేదు. వాయిదా. లోడ్ పెంచడానికి టీజీఎస్పీడీసీఎల్ ఏమంటుందో కనుక్కుని, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ గీసిన వైరింగ్ స్కెచ్‌తో 206 గారు ఏప్రిల్ 5 మీటింగ్‌కి రావాలి. అప్పటిదాకా ఎక్స్‌టెన్షన్ బాక్స్‌తో కామన్ మీటర్ నుంచి చార్జింగ్ చెయ్యకూడదు, బైకులకి కూడా.

ఉగాది. మార్చి 19 గురువారం, ఉదయం 8.30కి స్టిల్ట్‌లో పరాభవ నామ సంవత్సర పచ్చడి, తర్వాత టిఫిన్. ఖర్చు 5,000 లోపు, అసోసియేషన్ ఫండ్ నుంచి కాదు, ఇష్టమున్నవాళ్ళ చందాలతోనే. బాధ్యత 104, 303 వాళ్ళది. వేపపువ్వు 303 ఆంటీ వాళ్ళ ఊరి నుంచి తెప్పిస్తున్నారు, మామిడికాయలు 104 వాళ్ళు. పంచాంగ శ్రవణం ఎవరు చదువుతారో తేలలేదు, మార్చి 15 లోపు 303 ఆంటీకి చెప్పండి, చివరి నిమిషంలో నా మీద పడేయకండి.

తర్వాతి మీటింగ్ ఏప్రిల్ 5 ఆదివారం, 10 గంటలకి. ఈసారి 10.15కి ఎంతమంది ఉంటే అంతమందితో మొదలుపెడదామని ప్రెసిడెంట్ గారు అన్నారు, కోరం 10 ఉంటేనే ఓటింగ్.

మీ ఫ్లాట్ నంబర్ పక్కన రాసిన పని గానీ తేదీ గానీ తప్పుంటే మార్చి 6 శుక్రవారం రాత్రి 9 లోపు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, గ్రూప్‌లో వద్దు, గుడ్ మార్నింగ్ ఫొటోల్లో కలిసిపోతుంది. పని మీరు చెయ్యలేరనుకుంటే అదే గడువులోపు ఇంకొకర్ని ఒప్పించి వాళ్ళ నంబర్ చెప్పండి, ఖాళీగా మాత్రం వదలను. శనివారం ప్రింట్ తీసి ప్రెసిడెంట్, సెక్రటరీ సంతకాలయ్యాక మినిట్స్ బుక్‌లో అంటించి, ఒక కాపీ లిఫ్ట్ పక్కన నోటీస్ బోర్డుకి పెడతా.

జాయింట్ సెక్రటరీ, ఫ్లాట్ 305