రెజ్యూమె: ప్రోగ్రామ్ ఆఫీసర్ (తల్లీపిల్లల పోషణ) ఉద్యోగానికి

అర్హత: ఎం.ఎస్.డబ్ల్యూ., 2013. ఫీల్డ్‌లో, ప్రోగ్రామ్ ఆఫీసులో కలిపి పదేళ్లకు పైగా అనుభవం. ఫోన్ నంబరు, అడ్రసు ఈ ఫైలు పంపిన మెయిల్లో ఉన్నాయి. ఇప్పుడు చేస్తున్న సంస్థకి నేను వెళ్లే సంగతి ఇంకా చెప్పలేదు కాబట్టి పేరు ఇక్కడ రాయలేదు, ఇంటర్వ్యూలో చెప్తాను. పాత రెండు సంస్థల అనుభవ పత్రాలు జతచేశాను.

నా గురించి

ఊళ్లో పని చేయించడం, దానికొచ్చిన డబ్బు లెక్క చూడటం, జరిగింది జరిగినట్టు రాయడం, ఈ మూడూ నేనే చేస్తాను. చాలా చోట్ల ఇవి ముగ్గురి చేతుల్లో ఉంటాయి, అక్కడే అంకెలు ఒకదానితో ఒకటి కలవకుండా పోతాయి. నా రిపోర్టులో ఉన్న లబ్ధిదారుల సంఖ్య రిజిస్టర్లో ఉంటుంది, రిజిస్టర్లో ఉన్న మనిషి ఊళ్లో ఉంటుంది. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ప్రోగ్రామ్ ఆఫీసర్, పోషణ కార్యక్రమం (జూన్ 2019 నుంచి ఇప్పటివరకు)

62 గ్రామాలు, నా కింద తొమ్మిది మంది ఫీల్డ్ వర్కర్లు, ఒక అకౌంట్స్ అసిస్టెంట్.

*ఎంతమందికి అందింది:* మార్చి 2024 వరకు 4,860 మంది. అందులో గర్భిణులు, బాలింతలు 2,140, ఐదేళ్లలోపు పిల్లలు 2,720. హాజరు పట్టీల్లో సంతకాలు లెక్కపెడితే 31,000 దాటుతాయి, కానీ ఒకే తల్లి ప్రతి నెలా వస్తుంది కదా, అందుకే ఒక్కొక్కరికి ఒక ఐడీ నంబరు ఇచ్చి మనిషిని ఒక్కసారే లెక్కేశాం. ఇంట్లో మిగతావాళ్లని 'పరోక్ష లబ్ధిదారులు' అని కలిపి సంఖ్య పెంచే అలవాటు నాకు లేదు, ఫండర్ అడిగితే వేరే కాలమ్‌లో ఇస్తాను.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లల లెక్క. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ, అంటే టేపు ఎరుపు రంగులో ఆగిన పిల్లలు 214 మంది దొరికారు. వాళ్లలో 168 మంది వరసగా రెండు విజిట్లలో 12.5 దాటాకే రిజిస్టర్ నుంచి బయటికి వచ్చారు. 27 మంది మార్చి 2024 నాటికి ఇంకా ఫాలో-అప్‌లో ఉన్నారు. 16 మంది కుటుంబాలు వలస వెళ్లాయి, జాడ తెలియలేదు. ముగ్గురు పిల్లలు దక్కలేదు. ఆ ముగ్గురినీ వలస వెళ్లినవాళ్లలో కలిపేస్తే టేబుల్ బాగుండేది, నేను ఒప్పుకోలేదు, ఒక్కొక్కరి గురించి విడిగా ఏం జరిగిందో, ఆసుపత్రికి ఎప్పుడు పంపామో, ఎక్కడ ఆలస్యమైందో రాసి ఫండర్‌కే పంపాను. ఆ రిపోర్టు చూశాకే రాత్రిపూట బండి ఖర్చుకి విడిగా ఒక హెడ్ మంజూరైంది.

*నిధులు:* 2023-24 బడ్జెట్ 82.4 లక్షల రూపాయలు, ఖర్చు 79.1 లక్షలు, అంటే 96 శాతం. మిగిలిన 3.3 లక్షలు తూకం మిషన్ల సప్లై లేటవ్వడం వల్ల ఆగినవి, మార్చి నెలాఖరున ఏదో ఒకటి కొని చూపించకుండా ఫండర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని తర్వాతి ఏడాదికి మార్చుకున్నాం. డబ్బు మూడు చోట్ల నుంచి వస్తుంది: ఒక విదేశీ గ్రాంటు, ఒక కంపెనీ సీఎస్సార్ నిధి, ఒక ప్రభుత్వ పథకం. మూడింటికీ లెడ్జర్లు వేరు, ఒకదాని బిల్లు ఇంకోదాంట్లో పడదు. 2020 సవరణ తర్వాత ఎఫ్.సి.ఆర్.ఎ. నిధుల్లో పాలనా ఖర్చులకి పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. మా విదేశీ గ్రాంటులో అది 14 శాతం దగ్గరే ఉంచాను. 50,000 వరకు వోచర్ల మీద సంతకం చేసే అధికారం నాది, ఆ పైన డైరెక్టర్‌ది. వినియోగ ధ్రువపత్రాలకి కావలసిన లెక్కలు, బిల్లులు సిద్ధం చేసి ఆడిటర్‌కి ఇచ్చేది నేనే.

*ఫీల్డ్ రిపోర్టులు:* నెలవారీ రిపోర్టు, మూడు నెలలకోసారి ఫండర్‌కి వెళ్లేది, వార్షిక నివేదిక, అన్నీ నా చేత్తో రాసినవే. ఎలా రాస్తానో చెప్పడం కంటే ఒక ముక్క చూపించడం మేలు. 2022 మే నెల రిపోర్టులోది ఇది:

> "ఐదు ఊళ్లలో తూకాలకి వచ్చే పిల్లలు 84 శాతం నుంచి 52కి పడిపోయారు. తల్లులకి అవగాహన లేదని ఫీల్డ్ ఫార్మాట్‌లో రాసి ఉంది, అది నిజం కాదు. మనం తూకాలు పెట్టేది ఉదయం పదకొండుకి. వేసవి కాబట్టి ఉపాధి పనికి తెల్లవారకముందే వెళ్తున్నారు, ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతోంది. చంటిపిల్లని అవ్వ చూసుకుంటుంది, ఆమె అంత దూరం ఎత్తుకురాలేదు. జూన్ నుంచి ఈ ఐదు ఊళ్లలో సాయంత్రం నాలుగింటికి మార్చమని కోరుతున్నాను. అదనపు ఖర్చు లేదు."

టైమ్ మార్చాం. ఆగస్టుకి 79 శాతం అయింది. రిపోర్టు వల్ల ఊళ్లో ఏదో ఒకటి మారాలి, లేకపోతే అంత కాగితం ఎందుకు?

పిల్లల మొహాలు కనిపించే ఫోటోలు నా రిపోర్టుల్లో ఉండవు. కేస్ స్టడీలో పేరు, ఊరు మారుస్తాను, తల్లికి చదివి వినిపించి ఆమె సరే అన్నాకే పంపుతాను. దీని మీద ఫండర్లతో వాదించాల్సి వచ్చింది, అక్కడా వాదిస్తాను.

ఫీల్డ్ కోఆర్డినేటర్, బాలల రక్షణ (2015 – 2019)

బడి మానేసి పనుల్లోకి వెళ్లిన పిల్లల్ని వెనక్కి తెచ్చే ప్రాజెక్టు. 386 మందిని బ్రిడ్జి కోర్సు ద్వారా బడిలో చేర్చాం, మరుసటి విద్యా సంవత్సరం చివర్లో వెళ్లి చూస్తే 311 మంది ఇంకా చదువుతున్నారు. చేర్చిన సంఖ్య అందరూ చెప్తారు, నిలబడ్డ సంఖ్యే నేను ముందు చెప్తాను. ఏడాదికి 24 లక్షల బడ్జెట్‌లో ఫీల్డ్ ఖర్చుల భాగం నా చేతిలో ఉండేది. 1098కి వచ్చిన ఫిర్యాదుల్లో మా మండలాలవి వస్తే వెంట వెళ్లడం, బాలల సంక్షేమ కమిటీ ముందుకు పిల్లలతో పాటు హాజరవడం, అడిగిన సామాజిక పరిశీలన నివేదికలు రాసివ్వడం నా పనే. పోక్సో కేసుల్లో పిల్లలతో ఎవరు మాట్లాడాలి, ఏం అడగకూడదు అన్నది అక్కడే నేర్చుకున్నాను.

కమ్యూనిటీ ఆర్గనైజర్ (2013 – 2015)

మహిళా సంఘాలతో పని. పింఛన్లకి 1,150 దరఖాస్తులు పెట్టించాం, 870 మంజూరయ్యాయి. నా చేతిలో చిల్లర ఖర్చుల డబ్బు తప్ప నిధులేం లేవు.

ఇంకా వచ్చినవి

నెట్ లేని ఊళ్లలో కోబోతో ఫోన్ మీద సర్వే చేయించడం, ఎక్సెల్లో పివట్ టేబుల్స్, ట్యాలీలో ఎంట్రీలు చూసి తప్పు పట్టుకునేంత. లాగ్‌ఫ్రేమ్, బేస్‌లైన్ సర్వే ప్రశ్నావళి సొంతంగా తయారుచేస్తాను. తెలుగు, హిందీ మాట్లాడతాను, ఇంగ్లీషులో నివేదికలు రాస్తాను. టూ వీలర్ లైసెన్సు ఉంది.

మీ ఉద్యోగం గురించి

మీ ప్రకటనలో నెలకి కనీసం పది రోజులు ఫీల్డ్ అన్నారు, నాకు అంతకంటే ఎక్కువైనా పర్వాలేదు. అడగాల్సింది ఒక్కటే: ఫీల్డ్ వర్కర్ల జీతం, ప్రయాణ ఖర్చు నెలనెలా సమయానికి పడతాయా? అది ఆగితే ఊళ్లో తూకాలు ఆగుతాయి, నేను చూశాను. నా నోటీసు పీరియడ్ నెల రోజులు. పాత రిపోర్టులు రెండు, పేర్లు తీసేసి, విడిగా జతచేశాను. 2023-24 ఆడిట్ స్టేట్‌మెంట్ ఇంటర్వ్యూ రోజు తెస్తాను.